బెంజోయిక్ ఆమ్లం స్వచ్ఛమైందని ఎలా తేలుతుంది?

పచ్చడి సీసాల మీద సోడియం బెంజోయేట్ అన్న పేరు చూసే ఉంటారు. అది బెంజోయిక్ ఆమ్లం నుంచి తయారయ్యే లవణం. ఈ ఆమ్లం తెల్లటి ఘనపదార్థం. దీన్ని ప్రయోగశాలలో తయారుచేసినప్పుడు మొదట చేతికొచ్చేది మట్టిరంగు ముద్దే. దాన్ని శుద్ధి చేయడానికి పునఃస్ఫటికీకరణ, శుద్ధి అయిందో లేదో తేల్చుకోవడానికి ద్రవీభవన స్థానం ఉపయోగపడతాయి. ఈ రెండూ ఎప్పుడూ జంటగానే నడుస్తాయి.

శుద్ధి అంతా ఒక్క గుణం మీద ఆధారపడి ఉంది. 100 మిల్లీలీటర్ల నీరు మరుగుతున్నప్పుడు సుమారు ఐదున్నర గ్రాముల బెంజోయిక్ ఆమ్లాన్ని కరిగించుకుంటుంది. అదే నీరు 25 డిగ్రీల సెల్సియస్‌కు చల్లారితే 0.34 గ్రాములకు మించి పట్టుకోలేదు. మిగిలినదంతా స్ఫటికాలుగా బయటపడాల్సిందే.

5 గ్రాముల ముద్దను తీసుకుందాం. మరుగుతున్న నీటిని కొద్దికొద్దిగా పోస్తూ కరిగిస్తే 100 మిల్లీలీటర్ల దగ్గర దాదాపు కరిగిపోతుంది. వడపోతలో గరాటులోనే గడ్డకట్టకుండా ఇంకో 20 మిల్లీలీటర్లు కలుపుతారు. రంగు ఉంటే మంట తీసి, కాస్త చల్లారనిచ్చి, చిటికెడు బొగ్గుపొడి వేసి మళ్లీ మరిగిస్తారు. మరుగుతున్న ద్రావణంలో బొగ్గు వేస్తే ఒక్కసారిగా పొంగి బయటపడుతుంది. తర్వాత వేడి గరాటులో మడతలు పెట్టిన వడపోత కాగితం ఉంచి వడకడితే ఇసుక, బొగ్గు, కరగని చెత్త అంతా కాగితం మీదే ఆగిపోతుంది.

మరి నీటిలో కరిగే మలినాల సంగతేమిటి? ముద్దలో 0.2 గ్రాముల మరో పదార్థం ఉందనీ, అది కూడా బెంజోయిక్ ఆమ్లమంతగానే నీటిలో కరుగుతుందనీ అనుకుందాం. చల్లారిన 120 మిల్లీలీటర్ల నీరు దాన్ని 0.4 గ్రాముల దాకా పట్టుకోగలదు. కాబట్టి ఉన్న 0.2 గ్రాములూ నీటిలోనే ఉండిపోతాయి. బెంజోయిక్ ఆమ్లం మాత్రం 0.4 గ్రాములు నీటికి వదిలేసి, మిగిలినదంతా స్ఫటికాలై బయటకు వస్తుంది. మలినం కొంచెమే ఉండటం వల్ల మనకు కలిసొచ్చే లాభం ఇది. అదే నీరు 300 మిల్లీలీటర్లు పోసి ఉంటే ఒక గ్రాము ఆమ్లం నీటిపాలయ్యేది.

చల్లార్చడంలో తొందర పనికిరాదు. నెమ్మదిగా పెరిగే స్ఫటికంలో ఒకే రకం అణువులు వరుసగా చేరతాయి, ఆ అమరికలో ఇమడని అణువు మళ్లీ ద్రావణంలోకి వెళ్లిపోతుంది. వేడి ఫ్లాస్కును నేరుగా మంచులో పెడితే ఈ ఎంపికకు వ్యవధి ఉండదు. మలినం పొడిలోనే చిక్కుకుంటుంది. స్ఫటికాలు ఎంతకీ రాకపోతే గాజుకడ్డీతో లోపలి గోడను గీకినా, ఒక చిన్న స్వచ్ఛమైన స్ఫటికాన్ని వేసినా మొదలవుతాయి. తర్వాత వడకట్టి, కొద్దిపాటి మంచునీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి.

ఇక పరీక్ష. ఒక చివర మూసిన సన్నని గాజు గొట్టంలో రెండు మూడు మిల్లీమీటర్ల ఎత్తున పొడి నింపి, ద్రవీభవన స్థానం చూసే పరికరంలో పెడతారు. 110 డిగ్రీలు దాటాక నిమిషానికి ఒకటి రెండు డిగ్రీల చొప్పునే వేడి పెంచాలి. మొదటి ద్రవబిందువు కనిపించిన ఉష్ణోగ్రత, ఆఖరి రేణువు కరిగిన ఉష్ణోగ్రత రెండూ రాసుకోవాలి. స్వచ్ఛమైన బెంజోయిక్ ఆమ్లం 122 డిగ్రీల దగ్గర, ఒక డిగ్రీ తేడాలోపే పూర్తిగా కరిగిపోతుంది. 115 దగ్గర చెమర్చడం మొదలై 119 దాకా సాగితే, మలినమో తడో ఇంకా మిగిలి ఉన్నట్టే. కరిగిన ఆమ్లంలో కలిసిపోయే పరాయి పదార్థం ఏదైనా సాధారణంగా ద్రవీభవన స్థానాన్ని కిందికి దించుతుంది, కరిగే వ్యవధిని సాగదీస్తుంది.

అయితే ఈ పరీక్షకూ హద్దులున్నాయి. ఇసుక, ఉప్పు ఆ ద్రవంలో కరగవు కాబట్టి అంకెను పెద్దగా మార్చవు, గొట్టంలో కరగని రేణువులుగానే కనిపిస్తాయి. బీటా నాఫ్తాల్ అనే వేరే పదార్థం కూడా 122 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. అనుమానం తీరాలంటే మన పొడిని, స్వచ్ఛమైనదని తెలిసిన బెంజోయిక్ ఆమ్లంతో సమంగా కలిపి నూరి మళ్లీ పరీక్షించాలి. రెండూ ఒకటే అయితే 122 దగ్గరే నిలుస్తుంది. వేరైతే మిశ్రమం బాగా ముందుగానే కరగడం మొదలుపెడుతుంది.

అందుకే ప్రయోగ పుస్తకంలో ఒక్క అంకె రాసి ఊరుకోకండి, మొదలూ చివరా రెండూ రాయండి. మరోసారి స్ఫటికీకరించి చూడండి. ద్రవీభవన స్థానం ఇంకా పెరిగితే పని మిగిలి ఉన్నట్టు, పెరగకుండా అక్కడే నిలిస్తే ఆ పొడిని నమ్మవచ్చు.