మెయింటెనెన్స్ లెక్క తప్పితే కమిటీకి ఎలా రాయాలి

అపార్ట్‌మెంట్ కమిటీ పంపిన స్టేట్‌మెంటులో కట్టేసిన డబ్బు బాకీగా కనబడి, దాని మీద పెనాల్టీ వడ్డీ కూడా పడితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. వెంటనే వాట్సాప్ గ్రూపులో “ఇదేం వడ్డీ?” అని రాసేస్తారు. అక్కడ నలుగురు నాలుగు మాటలు అంటారు, లెక్క మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. వడ్డీ గురించి అడిగే ముందు, ఆ వడ్డీ ఏ అసలు మీద పుట్టిందో తేల్చుకోవాలి. అసలు తప్పని కాగితాలతో చూపిస్తే, దాని మీద పడిన వడ్డీని నిలబెట్టడానికి కమిటీకి ఆధారం ఉండదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్‌లో 1,250 చదరపు అడుగుల ఫ్లాటు, నంబరు 304. చదరపు అడుగుకు 2.50 రూపాయల చొప్పున నెలకు 3,125 రూపాయల మెయింటెనెన్స్. 2024 జూన్‌లో జరిగిన సర్వసభ్య సమావేశం రేటును 3 రూపాయలకు పెంచింది, జూలై 1 నుంచి అమలు అని మినిట్స్‌లో రాశారు. అంటే జూలై నుంచి నెలకు 3,750. యజమాని అలాగే కట్టుకుంటూ వచ్చారు. 2025 మార్చి ఆఖరున వచ్చిన స్టేట్‌మెంటు మాత్రం 6,639 రూపాయల బాకీ చూపించింది.

లెడ్జర్ వరుసగా చదివితే సంగతి బయటపడుతుంది. కొత్త రేటును సాఫ్ట్‌వేర్‌లో ఏప్రిల్ నుంచే ఎక్కించారు. నెలకు 625 చొప్పున మూడు నెలలకు 1,875 ఎక్కువ పడింది. సెప్టెంబరులో కట్టిన 3,750 ఈ ఫ్లాటు ఖాతాలో లేనే లేదు. ఆన్‌లైన్‌లో పంపినప్పుడు ఫ్లాటు నంబరు రాయకపోతే, ఎవరు కట్టారో తెలియక అకౌంటెంట్ ఆ మొత్తాన్ని సస్పెన్స్ ఖాతాలో పడేస్తాడు. ఇది అపార్ట్‌మెంట్లలో తరచూ జరిగేదే. ఈ రెండూ కలిపితే 5,625. మిగిలిన 1,014 రూపాయలు వడ్డీ.

ఆ వడ్డీ లెక్కలోనూ తప్పుంది. ఈ అసోసియేషన్ బైలాస్‌లో ఆలస్యానికి ఏడాదికి 12 శాతం బారువడ్డీ అని ఉంది. స్టేట్‌మెంటులో అక్టోబరు వడ్డీ 117.91, నవంబరుది 120.27, డిసెంబరుది 122.67. సెప్టెంబరు తర్వాత అసలు పైసా పెరగలేదు, అయినా వడ్డీ నెలనెలా పెరుగుతోంది. ఇలా కనబడిందంటే వడ్డీ మీద వడ్డీ వేస్తున్నారన్నమాటే. అక్టోబరు వడ్డీని అంతకుముందు నెల నిల్వ 5,895తో భాగిస్తే నెలకు 2 శాతం అని తేలుతుంది, అంటే ఏడాదికి 24 శాతం, పైగా చక్రవడ్డీ. 5,625 నిజంగా బాకీ అనుకున్నా, బైలాస్ ప్రకారం నెలకు 56.25 మించకూడదు.

కాబట్టి ఉత్తరం రాసేముందు బైలాస్ నకలు చేతిలో ఉండాలి. మెయింటెనెన్స్ రేటు పెంచే అధికారం కమిటీదా, సర్వసభ్య సమావేశానిదా, వడ్డీ ఎంత, ఏ తేదీ దాటితే పడుతుంది అన్నవి అందులోనే ఉంటాయి. ఇవి అన్నిచోట్లా ఒకేలా ఉండవు. మహారాష్ట్రలో సహకార గృహ సంఘాల కోసం 2014లో ఇచ్చిన నమూనా బైలాస్‌లో వడ్డీ ఏడాదికి 21 శాతం బారువడ్డీకి మించకూడదని రాశారు. మన దగ్గర ఎక్కువ అసోసియేషన్లు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కిందో, 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కిందో నమోదవుతాయి. వాటికి వాటి సొంత బైలాసే ఆధారం.

ఉత్తరం కార్యదర్శి పేరున రాసి, కోశాధికారికి ప్రతి పంపాలి. ఒక పేజీ చాలు. ఇలా ఉండొచ్చు:

“కార్యదర్శి గారికి, నమస్కారం. ఫ్లాట్ 304కు మీరు పంపిన 31-3-2025 నాటి స్టేట్‌మెంటులో 6,639 రూపాయల బాకీ చూపారు. జూన్ సర్వసభ్య సమావేశం తీర్మానం ప్రకారం కొత్త రేటు జూలై 1 నుంచి అమలు కావాలి. ఏప్రిల్, మే, జూన్ నెలలకు కొత్త రేటుతో వేసిన అదనపు 1,875 రద్దు చేయగలరు. సెప్టెంబరు మెయింటెనెన్స్ 3,750 అసోసియేషన్ ఖాతాకు జమ అయింది. యూటీఆర్ నంబరు, నా బ్యాంకు స్టేట్‌మెంటు పేజీ జత చేశాను. ఈ రెండు మొత్తాల మీద వేసిన వడ్డీ 1,014 కూడా రద్దు చేయగలరు. డిసెంబరు మెయింటెనెన్స్ గడువు 10వ తేదీ కాగా, నేను 30న కట్టాను. ఆ 20 రోజులకు 12 శాతం లెక్కన 25 రూపాయలు నేను ఇవ్వాలి. సవరించిన స్టేట్‌మెంటు నెలవారీగా, అసలు, వడ్డీ వేరువేరు వరుసల్లో, 15 రోజుల్లో ఇప్పించగలరు.”

చివర్లో ఆ 25 రూపాయల మాట గమనించండి. నెలాఖరు నిల్వ మీదే వడ్డీ వేసే సాఫ్ట్‌వేర్‌కు ఆ ఆలస్యం కనబడలేదు, అయినా రాశాం. మనవైపు బాకీ మనమే ఒప్పుకున్న ఉత్తరాన్ని, ఎగ్గొట్టేవాళ్ల సాకు అని కోశాధికారి పక్కన పెట్టలేరు. కమిటీలో ఉన్నవాళ్లూ జీతం లేకుండా పనిచేసే పొరుగువాళ్లే. తప్పు ఏ వరుసలో ఉందో, ఏ కాగితం దాన్ని చూపిస్తుందో చెబితే అకౌంటెంట్ అరగంటలో సరిదిద్దగలడు. “మీ లెక్కలన్నీ తప్పుల తడకే” అంటే ఎక్కడ మొదలుపెట్టాలో వాళ్లకూ తెలియదు.

ఒక్కోసారి మన వాదన సగమే నిలుస్తుంది. సమావేశం తీర్మానంలోనే కొత్త రేటు ఏప్రిల్ నుంచి అని రాసి ఉంటే 1,875 కట్టకతప్పదు. అప్పుడు కూడా అడగాల్సింది ఒకటుంది: తేడా బిల్లు పంపకముందు నెలలకు ఆలస్యం వడ్డీ ఎలా వేస్తారు? ఆ మాట వరకే రాయండి, మిగతాది వదిలేయండి.

ఈ తగవు తేలేదాకా నెలనెలా మెయింటెనెన్స్ ఆపకూడదు. ఆపితే అసలైన బాకీదారులమవుతాం. అయితే ఊరికే డబ్బు పంపితే దాన్ని పాత బాకీకో, వడ్డీకో సర్దేసి, ఈ నెలది మళ్లీ బాకీగా చూపే వీలుంది. భారత కాంట్రాక్టు చట్టం 1872లోని 59వ సెక్షన్ ఇక్కడ అక్కరకొస్తుంది. ఏ బాకీ కింద కడుతున్నామో కట్టేవారు స్పష్టంగా చెబితే, ఆ డబ్బు తీసుకున్నవారు దానికే జమ చేసుకోవాలి. చెప్పకపోతే ఎంచుకునే వీలు వాళ్లకు వస్తుంది. అందుకే డబ్బు పంపేటప్పుడు “ఫ్లాట్ 304, ఏప్రిల్ 2025 మెయింటెనెన్స్” అని రాసి, అదే మాట కార్యదర్శికి ఈమెయిల్ చేయండి.

ఉత్తరం చేతికిస్తే రెండో ప్రతి మీద తేదీతో సంతకం తీసుకోండి, తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. గడువు దాటినా జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేసి, సర్వసభ్య సమావేశం అజెండాలో చేర్చమని రాతపూర్వకంగా అడగండి. అక్కడా తేలకపోతే, 2001 చట్టం కింద నమోదైన సంఘమైతే 23వ సెక్షన్ ప్రకారం మధ్యవర్తిత్వానికో జిల్లా కోర్టుకో వెళ్లవచ్చు. ఆరు వేల రూపాయల తగవుకు అంతదూరం వెళ్లడం ఎవరికీ లాభం కాదు. పని ఉత్తరంతోనే అయిపోవాలి.

అందుకు తగిన సమయం కూడా ఉంది. ఏడాది లెక్కలు ఆడిట్‌కు వెళ్లేలోపు దిద్దడం తేలిక. ఆడిట్ అయ్యాక అదే మొత్తం అసోసియేషన్‌కు రావాల్సిన బాకీల జాబితాలోకి ఎక్కుతుంది, రేపు ఫ్లాటు అమ్ముకునేటప్పుడు నో డ్యూస్ కాగితం దగ్గర అడ్డం పడుతుంది. మార్చి స్టేట్‌మెంటు చేతికి రాగానే కూర్చుని చదవండి, తప్పుంటే ఏప్రిల్‌లోనే రాయండి.