తాళంచెవులు తీసుకునే ముందు

గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడితే ఇంటాయన ఆ హడావుడిలో కాంట్రాక్టరుకు ఆఖరి బిల్లు కట్టేస్తాడు. చిక్కంతా అక్కడే. డబ్బంతా చేతికందాక, కారే కుళాయి బాగుచేయడానికి ఎవరూ మళ్లీ గడప తొక్కరు.

రూ.40 లక్షల పని అనుకుందాం. అందులో 5 శాతం, అంటే రూ.2 లక్షలు, ఆపుకునేలా మొదటి ఒప్పందంలోనే రాసుకోవాలి. అప్పగింత రోజు ఇద్దరూ ఇల్లంతా తిరిగి లోపాలు రాసుకుని, తేదీ వేసి సంతకాలు పెట్టాలి. అవి సరిచేశాక ఒక లక్ష, వానాకాలం దాటాక రెండో లక్ష. మార్చిలో తాళాలు తీసుకుంటే రెండోది అక్టోబరు తర్వాతే. స్లాబు చెమ్మ ఎండాకాలంలో బయటపడదు మరి! ఆఖరి లక్ష ఇచ్చేముందు సిమెంటు, ఇనుము షాపులకు తన బాకీలు తీరాయని కాంట్రాక్టరు రాసివ్వాలి.

మోటారు వారంటీ, బిల్లులు ఎలాగూ అడుగుతాం. అడగనిది, గోడలో పైపులు, వైర్లు నిజంగా ఎటు వెళ్లాయో చూపే పటం. మొదటి ప్లానులో గీసినట్టే అవి ఉండవు. ప్లాస్టరింగుకు ముందు టేపు పెట్టి తీసిన ఫొటోలున్నా చాలు. అవి లేకే మా ఇంట్లో గీజరు బిగించిన రోజు డ్రిల్లు నేరుగా పైపులో దిగింది.

ఇలాంటివి ఫైలు చివర ఒక పేజీలో రాసి ఉంచాం. ‘బాత్రూములో టైల్స్ వేయకముందే రెండు రోజులు నీళ్లు నిలబెట్టి చూడాలి’ అన్నది అందులో మొదటిది. పై అంతస్తు వేసేటప్పుడు మేస్త్రీకి ముందుగా ఇచ్చింది ఆ పేజీనే.