నొక్కినప్పుడే మైకు: ఆన్‌లైన్ కాల్స్‌లో కీబోర్డు టకటకలకు విరుగుడు

ల్యాప్‌టాప్‌లో మైకు, కీబోర్డు ఒకే చట్రంలో బిగించి ఉంటాయి. మాట్లాడేవారి నోరు మైకుకు అర మీటరు దూరంలో ఉంటే, కీలు పది సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి. అంటే శబ్దం పుట్టే చోటు ఐదు రెట్లు దగ్గర. పైగా వేలు కీని తాకిన ప్రతిసారీ ఆ అదురు గాలిలోంచే కాకుండా చట్రం గుండా కూడా మైకును చేరుతుంది. టైపు చేస్తున్నవారికి అది పెద్ద చప్పుడుగా అనిపించకపోయినా, అవతలివారి ఇయర్‌ఫోన్‌లో మాత్రం బల్ల మీద ఎవరో వేళ్లతో దరువేస్తున్నట్టు వినిపిస్తుంది.

మాట్లాడకుండా వింటున్నప్పుడు ఈ ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. కాల్ సాఫ్ట్‌వేర్ మైకు స్థాయిని తనంతట తానే సర్దుతుంటుంది. గొంతు గట్టిగా వినిపిస్తే తగ్గిస్తుంది, ఏమీ వినిపించకపోతే సన్నని మాటను కూడా అందుకోవాలని పెంచుతుంది. అలా పెరిగిన సమయంలో పక్క గదిలోని టీవీ సీరియల్, వంటింట్లో గిన్నెల చప్పుడు కూడా కాల్‌లోకి వచ్చేస్తాయి. చప్పుడును మాటగా పొరబడి సాఫ్ట్‌వేర్ ఆ ఇంటివారి వీడియోను అందరి తెర మీద పెద్దదిగా చూపించడమూ జరుగుతుంది.

చప్పుళ్లను అణిచే సదుపాయం దాదాపు అన్ని కాల్ యాప్‌లలోనూ ఉంది. ఫ్యాన్, ఏసీ హోరులా ఒకే తీరుగా సాగే శబ్దాన్ని గుర్తుపట్టి తీసేయడం దానికి తేలిక. కీ చప్పుడు, కుక్కర్ విజిల్, కాలింగ్ బెల్ ఉన్నట్టుండి పుట్టి మాయమవుతాయి. వాటిని తీసేసే క్రమంలో ఒక్కోసారి మాటలోని హల్లులు కూడా కొట్టుకుపోయి గొంతు బొంగురుగా, తెగిపోయినట్టుగా వినిపిస్తుంది. మాట్లాడనప్పుడు మైకును అసలు తెరవకపోతే ఈ వడపోత అవసరమే ఉండదు.

దీనికి రెండు పద్ధతులున్నాయి. మొదటిది మ్యూట్ షార్ట్‌కట్: ఒకసారి నొక్కితే మైకు తెరుచుకుంటుంది, మళ్లీ నొక్కితే మూసుకుంటుంది. రెండోది పుష్ టు టాక్: కీని నొక్కి పట్టుకున్నంతసేపే మైకు పనిచేస్తుంది, వేలు తీయగానే ఆగిపోతుంది. పోలీసుల వైర్‌లెస్ సెట్‌లో బటన్ నొక్కి మాట్లాడేది ఈ పద్ధతిలోనే. మైకు మూయడం మరిచిపోయే అవకాశం మొదటి పద్ధతిలో ఉంది, రెండోదానిలో లేదు. అయితే నొక్కి పట్టుకున్న వేలికి వేరే పని చెప్పలేం. అందుకే ఒకటి రెండు వాక్యాల జవాబులకు పుష్ టు టాక్, ఐదు నిమిషాల వివరణకు మ్యూట్ షార్ట్‌కట్ నప్పుతాయి.

విండోస్ కంప్యూటర్‌లో జూమ్ మ్యూట్ షార్ట్‌కట్ Alt+A. మైకు మూసి ఉన్నప్పుడు Space కీని నొక్కి పట్టుకుంటే తాత్కాలికంగా తెరుచుకుంటుంది. ఈ సదుపాయాన్ని ఆడియో సెట్టింగుల్లో ఆన్ చేసుకోవచ్చు. గూగుల్ మీట్‌లో మ్యూట్‌కు Ctrl+D. అక్కడ కూడా పుష్ టు టాక్ Space తోనే, దాన్ని సెట్టింగుల్లో ముందుగా ఆన్ చేసుకోవాలి. మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లో మ్యూట్‌కు Ctrl+Shift+M, నొక్కి పట్టుకోవడానికి Ctrl+Space.

ఈ కీలు గుర్తున్నా చాలామంది తడబడేది ఒకచోట ఉంది. కంప్యూటర్‌లో నొక్కిన కీ ఆ క్షణాన ముందున్న విండోకే చేరుతుంది. హైదరాబాద్‌లోని ఒక ఫ్లాట్‌లో డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, జూమ్ మీటింగ్ విషయాలను వర్డ్‌లో రాసుకుంటున్న ఉద్యోగినిని ఊహించుకోవచ్చు. పక్కనే వంటింట్లో మిక్సీ తిరుగుతోంది. ఆమె మైకు మూసి ఉంది కాబట్టి టైపింగ్, మిక్సీ రెండూ బయటికి వెళ్లడం లేదు. ఇంతలో మేనేజరు పేరు పెట్టి పిలిచి లెక్క అడిగారు. ఆమె Space నొక్కి పట్టుకుని జవాబు చెప్పింది. కానీ ముందున్న విండో వర్డ్ కావడంతో కర్సర్ ఖాళీ జాగాలు వదులుతూ జరిగిపోయింది, మాట మాత్రం ఎవరికీ వినపడలేదు. జూమ్ చాట్ పెట్టెలో కర్సర్ ఉన్నా ఇదే జరుగుతుంది.

దీన్ని సరిచేయడానికి ఆమెకు రెండు దారులున్నాయి. జవాబు చెప్పే ముందు జూమ్ వీడియో మీద ఒకసారి క్లిక్ చేసి, ఆ తర్వాత Space నొక్కి పట్టుకోవచ్చు. లేదా జూమ్ సెట్టింగుల్లోని Keyboard Shortcuts జాబితాలో Alt+A పక్కనున్న Enable Global Shortcut గడిలో టిక్ పెట్టుకోవచ్చు. అప్పుడు వర్డ్ ముందున్నా Alt+A జూమ్‌కు చేరుతుంది. రాసుకుంటూ మధ్యమధ్య మాట్లాడేవారికి రెండోదే మేలు. బ్రౌజర్‌లో నడిచే మీట్‌లో మాత్రం కాల్ ట్యాబ్‌కు తిరిగి వెళ్లక తప్పదు. క్రోమ్‌లో వేరే ట్యాబ్‌లో ఉండి Ctrl+D నొక్కితే బుక్‌మార్క్ పెట్టె తెరుచుకుంటుంది. కీ దారి తప్పిందనడానికి అదే గుర్తు.

నొక్కి మాట్లాడే పద్ధతిలో ఎదురయ్యే మరో చిక్కు, మాట కొసలు తెగిపోవడం. కీ నొక్కడం, మాట మొదలుపెట్టడం ఒకేసారి జరిగితే మొదటి అక్షరం పోవచ్చు. నొక్కాక ఒక చిన్న ఊపిరి తీసుకునేంత వ్యవధి ఇవ్వాలి. చివర కూడా అంతే. తెలుగు వాక్యంలో అవుననేదీ కాదనేదీ తేలేది చివరి క్రియలోనే. ‘ఫైలు పంపించలేదు’ అంటూ చివరి అక్షరాలకు ముందే వేలు తీస్తే, పంపారో లేదో అవతలివారికి తెలియదు. డిస్కార్డ్ యాప్‌లో వేలు తీశాక కూడా మైకు కాసేపు తెరిచి ఉండేలా ఆ వ్యవధిని పెంచుకునే వీలుంది. మిగతా చోట్ల వాక్యం ముగిశాకే వేలు తీయడం అలవాటు చేసుకోవాలి.

యాప్ మైకు తెరిచి ఉందని చూపిస్తున్నా మాట వెళ్లకపోతే, హెడ్‌సెట్ తీగ మీదున్న మ్యూట్ బటన్‌ను చూడాలి. యాప్‌లో ఒకటి, హెడ్‌సెట్‌లో ఒకటి, రెండు తాళాలు పడి ఉండవచ్చు. అందుకే ఒక్క చోటే మ్యూట్ చేసే అలవాటు మంచిది. మీటింగ్ నడిపేవారు అందరి మైకులూ మూసి, తెరిచే అనుమతి ఇవ్వకపోతే ఏ షార్ట్‌కట్ నొక్కినా ఫలితం ఉండదు. అలాంటప్పుడు చేయి ఎత్తే గుర్తును వాడాలి.

ఇవన్నీ మాట్లాడనప్పటి చప్పుళ్లను ఆపుతాయి. మాట్లాడుతున్న క్షణంలో మిక్సీ తిరిగితే అదీ మాటతోపాటే వెళ్తుంది. మాట్లాడుతూనే టైపు చేయాల్సినవారికీ షార్ట్‌కట్ ఉపయోగపడదు. అప్పుడు నోటి దగ్గర మైకున్న హెడ్‌సెట్ కావాలి. నోరు దగ్గరై కీలు దూరమవడంతో మైకు స్థాయిని అంతగా పెంచే అవసరం సాఫ్ట్‌వేర్‌కు ఉండదు.

ఏర్పాటు సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి ముఖ్యమైన మీటింగ్ దాకా ఆగనక్కర్లేదు. అదే కాల్‌లోకి ఫోన్‌తో కూడా చేరి, ఫోన్ మైకు మూసి, ఇయర్‌ఫోన్ పెట్టి, ఇంట్లో ఒకరిని వేరే గదిలో కూర్చోబెట్టాలి. మొదట మైకు తెరిచి టైపు చేయాలి, తర్వాత మూసి టైపు చేయాలి. చివరగా వర్డ్ విండో ముందుండగా షార్ట్‌కట్ నొక్కి ఒక పూర్తి వాక్యం చెప్పాలి. వినేవారికి టకటకలు మొదటిసారే వినిపించి, చివరి వాక్యం మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా అందితే అంతా సరిగా ఉన్నట్టే.