సొట్ట ఎక్కడ పడిందో చూడండి

డబ్బాలో అమ్మే ఆహారం ఏళ్ల తరబడి నిలవ ఉండటానికి అందులో కలిపిన మందులే కారణమని చాలామంది అనుకుంటారు. నిజానికి దాన్ని కాపాడేవి రెండు పనులు. లోపలి పదార్థాన్ని సూక్ష్మజీవులు చచ్చేదాకా ఉడికించడం ఒకటి, బయటి గాలి, నీరు సోకకుండా మూత బిగించడం రెండోది. ఉడికించడం ఫ్యాక్టరీలో ఒక్కసారితో అయిపోతుంది. మూత బిగింపు మాత్రం లారీలో, గోదాములో, కొట్టు అరలో, చివరికి మన వంటింట్లో డబ్బా తెరిచే నిమిషం దాకా చెక్కుచెదరకూడదు. అందుకే సొట్టపడిన డబ్బా చేతికొస్తే అది ఎంత సొట్ట అన్నదానికన్నా ఎక్కడ పడిందన్నది ముందు చూడాలి.

ఉడికించిన శనగల డబ్బానే తీసుకోండి. పైనా కిందా గుండ్రటి అంచును వేలితో తడిమితే చిన్న గట్టు తగులుతుంది. డబ్బా ఒంటి అంచునూ మూత అంచునూ ఒకదానిలో ఒకటి కొక్కేల్లా మడిచి నొక్కేసిన అతుకు అది. అడ్డంగా కోసి చూస్తే ఐదు పొరల రేకు కనిపిస్తుంది: మూతవి మూడు, ఒంటివి రెండు. పొరల సందుల్లో రబ్బరులాంటి పూత ఉంటుంది. ఆ రెండు కొక్కేలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండే మేర సుమారు ఒక మిల్లీమీటరు. డబ్బా భద్రత అంతా ఆ మిల్లీమీటరు మీదే నిలబడి ఉంది. కొన్ని డబ్బాలకు పక్కన పైనుంచి కిందిదాకా ఇంకో అతుకు, వెల్డింగు గీత, ఉంటుంది. లేబులు కింద ఉంటుంది కాబట్టి అది మన కంటపడదు.

శనగలు, పుట్టగొడుగులు, బేబీకార్న్, చేపలు వంటి పులుపు లేని పదార్థాలను డబ్బాలో వేడివేడిగా మూత వేసి, పెద్ద ప్రెషర్ కుక్కర్ వంటి యంత్రంలో సుమారు 121 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో ఉడికిస్తారు. ఆ తర్వాత నీళ్లతో చల్లారుస్తారు. లోపలి ఆవిరి నీరైపోవడంతో డబ్బాలో గాలి పలచబడి, మూత కొద్దిగా లోపలికి గుంటపడుతుంది. మంచి డబ్బా మూత ఎప్పుడూ అలా లోపలికి లాక్కున్నట్టే ఉంటుంది. అంటే అతుకులో కంటికి కనిపించని సందు ఏర్పడినా లోపలిది బయటికి కారాలన్న నియమం లేదు. బయటిదే లోపలికి పీల్చుకుపోవచ్చు. డబ్బా పొడిగా ఉంది, ఏమీ కారలేదు కాబట్టి బాగానే ఉందనుకోవడం ఇందుకే పొరపాటు.

ఇది ఎంత దూరం వెళ్తుందో స్కాట్లండ్‌లోని అబర్డీన్ నగరం 1964లో చూసింది. ఆ ఏడాది మే నెలలో అక్కడ టైఫాయిడ్ మొదలై, అయిదు వందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. మూలం వెతుకుతూ వెళ్తే ఒక సూపర్ మార్కెట్‌లో కోసి అమ్మిన డబ్బా గొడ్డుమాంసం దగ్గర తేలింది. ఆ మాంసం అర్జెంటీనాలోని రొసారియోలో తయారైంది. అక్కడి ఫ్యాక్టరీలో ఉడికిన డబ్బాలను పరానా నది నీటితో చల్లార్చేవారు. ఆ నదిలోకి ఊరి మురుగు వచ్చి కలుస్తుంది. నీటిని క్లోరిన్‌తో శుద్ధి చేసే యంత్రం చాలాకాలంగా పనిచేయడం లేదు. డబ్బా చల్లారేటప్పుడు అతుకులోని పూత ఇంకా మెత్తగానే ఉంటుంది, లోపల గాలి పలచబడుతూ ఉంటుంది. ఆ కాసేపట్లో అతుకు సందులోంచి చుక్క నీరు లోపలికి వెళ్లినా చాలు. బాగా ఉడికిన మాంసంలోకి టైఫాయిడ్ క్రిములు అలా చేరాయి. టైఫాయిడ్ క్రిమి వల్ల డబ్బా ఉబ్బదు, మాంసం కుళ్లిన వాసనా రాదు. పైగా కొట్టులో మాంసం కోసే యంత్రం ఆ క్రిములను మిగతా మాంసానికీ అంటించింది.

అబర్డీన్‌లో కొన్నవాళ్ల తప్పేమీ లేదు, వాళ్లకు కనిపించే గుర్తూ లేదు. మనకు మాత్రం సొట్ట రూపంలో గుర్తు కళ్లముందే ఉంటుంది. పైఅంచు గట్టు మీదగానీ, కిందిఅంచు గట్టు మీదగానీ, నిలువు అతుకు మీదగానీ సొట్టపడితే ఆ డబ్బా చిన్నదైనా పెద్దదైనా పారేయాల్సిందే. అక్కడ దెబ్బ తగిలితే కొక్కేల పట్టు సడలి ఉండవచ్చు. అది సడలిందో లేదో ఇంట్లో తేల్చుకునే దారి లేదు. అతుకులకు దూరంగా ఒంటి నడుమన పడిన లోతులేని గుండ్రటి సొట్ట అంత ప్రమాదకరం కాదు. అటువంటి డబ్బా వాడుకోవచ్చు, కాకపోతే ముందుగా వాడేయడం మంచిది. నడుమన పడినా సరే, వేలు దిగేంత లోతుగా ఉన్నా, కాగితం మడత పెట్టినట్టు పదునైన గీతగా నొక్కుకుపోయినా మాత్రం వద్దు. అంత పదునుగా వంగినచోట రేకు సన్నగా చిట్లవచ్చు, లోపలి పూత కూడా పగలవచ్చు. పూత పోయినచోట టమాటా, అనాసపండు వంటి పుల్లటి పదార్థాలు ఇనుమును తినడం మొదలుపెడతాయి.

ఉబ్బిన డబ్బా విషయంలో ఈ తర్కం ఏదీ అక్కర్లేదు. మూత బయటికి పొంగిందంటే లోపల వాయువు పుట్టిందని అర్థం. అన్నిటికన్నా భయపడాల్సింది క్లాస్ట్రీడియం బొట్యులినం అనే బ్యాక్టీరియా వల్ల పుట్టే వాయువుకు. మట్టిలో ఉండే ఈ క్రిమి గట్టి పెంకు కట్టుకున్న బీజాల రూపంలో ఉంటే మామూలు మరుగునీరు దాన్ని చంపలేదు. 121 డిగ్రీల లెక్క ప్రధానంగా దీనికోసమే పుట్టింది. ఉడకడం చాలకపోతే గాలిలేని, పులుపులేని ఆ డబ్బా దానికి ఇష్టమైన చోటవుతుంది. అక్కడ అది పెరిగి నరాలను పడగొట్టే విషం తయారుచేస్తుంది. 2007లో అమెరికాలో క్యాజిల్‌బెర్రీ అనే కంపెనీ అమ్మిన చిల్లీ సాస్ డబ్బాలు తిని ఇండియానా, టెక్సస్, ఒహాయో రాష్ట్రాల్లో 8 మంది ఈ జబ్బు పాలయ్యారు. ఉడికించే యంత్రాల్లో లోపం వల్ల కొన్ని డబ్బాలు చాలినంత వేడెక్కలేదు. ఆ ఫ్యాక్టరీలో దొరికిన ఉబ్బిన డబ్బాల్లో విషం బయటపడింది.

ఉబ్బులన్నీ ఇలాంటివే కావు. మామిడి గుజ్జు వంటి పుల్లటి పదార్థం చాలాకాలం నిలవ ఉంటే ఆమ్లం రేకును తిని హైడ్రోజన్ వాయువు పుడుతుంది, డబ్బా ఉబ్బుతుంది. చలిదేశాల్లో కారులోనో గ్యారేజీలోనో వదిలేసిన డబ్బా గడ్డకట్టి ఉబ్బవచ్చు. అప్పుడు కూడా అతుకులు సాగి ఉంటాయి. ఏ ఉబ్బు దేనివల్ల వచ్చిందో చూపుతో చెప్పగల మనిషి లేడు, అందుకే అన్నిటికీ ఒకటే తీర్పు: తెరవకుండా పారేయడం. అనుమానంగా ఉంటే రెండు మూతల నడుమా బొటనవేలితో నొక్కి చూడండి. మంచి డబ్బా మూత కదలదు. నొక్కితే లోపలికి పోయి, వదిలితే ‘టక్’మని పైకి వచ్చినా, ఒక పక్క నొక్కితే రెండో పక్క పొంగినా అది ఉబ్బడం మొదలైన డబ్బానే.

ఇక్కడ చాలా ఇళ్లలో ఒక మాట వస్తుంది: ఎలాగూ కూరలో ఉడికిస్తాం కదా, ఏమవుతుంది? బొట్యులినం విషం పది నిమిషాలు బాగా మరిగితే పనికిరాకుండా పోతుందన్నది నిజమే. కానీ డబ్బా తెరిచేటప్పుడే అది చేతులమీద, గట్టుమీద, గరిటెమీద చిందుతుంది. పైగా అతుకు దెబ్బతిన్న డబ్బాలోకి వచ్చేది ఆ ఒక్క క్రిమే కాదు. స్టెఫిలోకాకస్ అనే మరో బ్యాక్టీరియా వదిలే విషం ఎంత మరిగించినా పోదు. వాసన చూసి తేల్చుకుందామన్నా కుదరదు, బొట్యులినం పెరిగిన ఆహారం మామూలుగానే కనిపించవచ్చు, మామూలుగానే ఉండవచ్చు. రుచి చూడటం మరీ ప్రమాదం. నాలుక చివర పెట్టుకున్నంత కూడా మనిషిని పడగొట్టడానికి చాలవచ్చు. డబ్బాకు బొక్క పెట్టగానే లోపలిది బయటికి చిమ్మితే, నురగ వస్తే అక్కడే ఆపేయండి.

తుప్పు సంగతి కాస్త తేలిక. సముద్రపు గాలి తగిలే విశాఖ, కాకినాడ వంటి ఊళ్లలో, చెమ్మ పట్టిన గోదాముల్లో డబ్బా అంచున ఎర్రటి పొడి కనిపించడం మామూలే. పొడిగుడ్డతో గట్టిగా తుడవండి. తుప్పు పూర్తిగా పోయి కింద నున్నటి రేకు తగిలితే డబ్బా బాగున్నట్టే. తుడిచినా పోకుండా గుంటలు మిగిలినా, పొరలు పొరలుగా ఊడినా పారేయండి, గుంట అడుగున సూదిమొనంత రంధ్రం ఉండవచ్చు. అతుకు గట్టులో దిగిపోయిన తుప్పు మరీ చెడ్డది. లేబులు మీద మరక ఉంటే దాన్ని చింపి చూడటానికి మొహమాటపడకండి. మరక ఆ డబ్బాదే కావచ్చు, పక్క డబ్బా కారిందీ కావచ్చు.

కొనేటప్పుడే ఈ పరీక్ష చేయడం మేలు. మన దేశపు ఆహార భద్రతా నిబంధనలు 2011లోనే డబ్బాల బయటి భాగం పెద్ద సొట్టలు, తుప్పు, రంధ్రాలు, అతుకుల వంకరలు లేకుండా ఉండాలని చెప్పాయి. అలాంటి డబ్బా వద్దని కొట్టువాడికి చెప్పడం గొంతెమ్మ కోరిక కాదు. సొట్ట డబ్బాలన్నీ ఒక బుట్టలో పోసి సగం ధరకు అమ్మే కొట్లు ఇక్కడా ఉన్నాయి, మనవాళ్లు ఉంటున్న విదేశాల్లోనూ ఉన్నాయి. ఆ బుట్టలోంచి ఏరుకోవడం తప్పుకాదు, కానీ ప్రతి డబ్బా గట్టునూ వేలితో ఒక చుట్టు తడిమాకే ఇంటికి తేవాలి.

ఉబ్బిన డబ్బానో కారుతున్న డబ్బానో పారేసేటప్పుడు ఊరికే చెత్తబుట్టలో వేయకండి, కుక్కలు, ఆవులు, చెత్త ఏరే పిల్లలు దాన్ని తెరుస్తారు. రెండు ప్లాస్టిక్ సంచుల్లో ఒకదానిలో ఒకటి పెట్టి, మూతి కట్టి, అందులో ఏముందో చెప్పి మున్సిపాలిటీ మనిషి చేతికి ఇవ్వండి. గట్టు మీద ఒలికితే చేతులకు తొడుగులు వేసుకుని, ఒక వంతు బ్లీచింగ్ ద్రావణం, ఐదు వంతుల నీళ్లు కలిపి పోసి అరగంట ఉంచి తుడవండి.

ఒకవేళ తినేసి ఉంటే, సాధారణంగా 12 నుంచి 36 గంటల్లో, ఒక్కోసారి కొన్ని రోజులకు, కనురెప్పలు వాలడం, ఒకటి రెండుగా కనిపించడం, నోరెండడం, మింగుడు పడకపోవడం, మాట ముద్దగా రావడం మొదలవుతాయి. జ్వరం లేదు కదా అని ఆగవద్దు, బొట్యులిజంలో జ్వరం సాధారణంగా ఉండదు. నీరసం మెడ నుంచి కిందికి దిగి, ఊపిరి తీసే కండరాల దాకా వెళ్తుంది. విరుగుడు మందు నరాలకు ఇంకా పట్టని విషాన్నే అడ్డుకోగలదు, పట్టేసినదాన్ని విడిపించలేదు, అందుకే ప్రతి గంటా లెక్కే. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి. ఆ ఒక్క సందర్భంలో మాత్రం డబ్బా పారేయకండి. సంచిలో చుట్టి వెంట తీసుకెళ్లి, ఏం తిన్నారో, ఎప్పుడు తిన్నారో డాక్టరుకు ముందే చెప్పండి.