కొంటానన్న మాటకూ ఓ ధర ఉంది

మీకు తెలుసా? 1993లో వారెన్ బఫెట్ కోకాకోలా షేర్లు మరికొన్ని కొనాలనుకున్నారు. అప్పుడు షేరు 40 డాలర్ల దగ్గర ఉంది. ఆ ధరకు కొనకుండా, 35 డాలర్ల దగ్గర పుట్ ఆప్షన్లు అమ్మారు. ‘ఈ డిసెంబరు గడువులోగా మీరు ఇవ్వదలిస్తే, మీ షేర్లు 35 చొప్పున నేను తీసుకుంటాను’ అని మార్కెట్‌కు మాటివ్వడమే పుట్ అమ్మడమంటే. ఆ మాట ఇచ్చినందుకు షేరుకు దాదాపు డాలరున్నర చొప్పున ప్రీమియం అప్పుడే చేతికొచ్చింది. షేరు పడిపోయి కొనాల్సి వచ్చినా ఆయనకు పడే అసలు ధర 33.50 డాలర్లే.

తీరా షేరు 35కు దిగనే లేదు. ప్రీమియం బఫెట్‌కు మిగిలింది, షేర్లు మాత్రం రాలేదు. ఈ పద్ధతి గురించి చెప్పేవాళ్లు ‘షేరు చవగ్గా కొనే మార్గం’ అంటారు గానీ, కొనకుండానే ముగిసిపోయే అవకాశం అంతకంటే ఎక్కువని చెప్పరు.

దీన్నే మన మార్కెట్‌లో చేస్తే ఎలా ఉంటుందో ఒక ఊహా లెక్కతో చూద్దాం. ఒక కంపెనీ షేరు 500 రూపాయలు, దాని లాట్ 1000 షేర్లు అనుకోండి. ఆ కంపెనీ మీకు నచ్చింది, కానీ 480 దగ్గరైతే కొందామని ఉంది. నెలాఖరు గడువున్న 480 పుట్‌కు 10 రూపాయలు పలుకుతోంది. ఒక లాట్ అమ్మితే మీ ఖాతాలో 10,000 పడుతుంది. షేర్లు తీసుకోవాల్సి వస్తే కట్టడానికి 4,80,000 రూపాయలు పక్కన పెట్టి ఉంచాలి. ఆ పూర్తి సొమ్ము ఉంది కాబట్టే దీన్ని క్యాష్ సెక్యూర్డ్ పుట్ అంటారు.

గడువు రోజున షేరు 480కి పైన ముగిస్తే మీ బాధ్యత అక్కడితో తీరిపోయింది, పదివేలు మీవి. 480కి దిగువన, ఉదాహరణకు 465 దగ్గర ముగిస్తే 1000 షేర్లు 480 చొప్పున మీ డీమ్యాట్‌లోకి వస్తాయి. ప్రీమియం తీసేస్తే ఒక్కోటి 470 పడ్డట్టు. ఖర్చులు పక్కన పెడితే, 470 కంటే కిందికి జారిన ప్రతి రూపాయీ మీకు వెయ్యి రూపాయల నష్టం.

ఇక్కడ రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. మొదటిది, షేర్లు నిజంగా చేతికి రావడమన్నది విడి షేర్ల ఆప్షన్లకే. మన దేశంలో 2019 అక్టోబరు నుంచి వీటన్నిటికీ డెలివరీ తప్పనిసరి. నిఫ్టీ పుట్ అమ్మితే ఏ షేరూ రాదు, లాభనష్టాలు నగదులోనే తేలిపోతాయి. రెండోది, అమెరికాలో షేరు పుట్ కొన్నవారు గడువులోపు ఏ రోజైనా తమ హక్కు వాడుకోవచ్చు. మన దగ్గర గడువు రోజున మాత్రమే కుదురుతుంది.

ఈ రెండో విషయం చిన్నదిగా కనిపిస్తుంది గానీ, అసలు తిరకాసు అందులోనే ఉంది. నెల మధ్యలో షేరు 462కి పడి, గడువు నాటికి 492కి తేరుకుందనుకోండి. 470 దగ్గర మామూలు లిమిట్ ఆర్డర్ పెట్టుకున్న మీ మిత్రుడికి షేర్లు దొరికాయి, ఇప్పుడు షేరుకు 22 రూపాయల లాభంలో ఉన్నాడు. పుట్ అమ్మిన మీకు దక్కింది 10 రూపాయలే. షేరు ఏకంగా 560కి దూసుకుపోయినా మీకు అదే పది. అంటే షేరు పెరిగితే మీ వాటా పదికి మించదు. పడితే మాత్రం ఆ పతనమంతా మీదే. గడువు రోజున ఇంకా కింద ఉన్న షేరే మీ ఇంటికొస్తుంది. తేరుకున్నది రాదు.

మరి పతనం పెద్దదైతే? ఫలితాలు బాగాలేక షేరు 400కి కూలిందనుకుందాం. 4,80,000 కట్టి తీసుకున్న షేర్ల విలువ 4,00,000. ప్రీమియం పోను నష్టం 70,000. 480కి లిమిట్ ఆర్డర్ పెట్టి కొన్నవాడికి నష్టం 80,000 కదా, మనమే నయం అనిపించవచ్చు. కానీ అతడికి ఓ వెసులుబాటు ఉంది. షేరు ఇంకా 490 దగ్గర ఉండగానే చెడు కబురు చెవిన పడితే, పైసా ఖర్చు లేకుండా ఆర్డర్ రద్దు చేసుకుంటాడు. మీరు బయటపడాలంటే అదే పుట్‌ను తిరిగి కొనాలి. అలాంటి కబురుకు దాని ధర అప్పటికే 10 నుంచి 20కో 25కో ఎగబాకి ఉంటుంది. షేరు 400కి చేరాక అయితే 80కి అటూఇటూగా పెట్టాల్సిందే. మీకు ముందుగా అందిన పది రూపాయలు ఈ వెసులుబాటు వదులుకున్నందుకు వచ్చిన కూలి.

కాబట్టి ప్రీమియం మరీ ఊరిస్తుంటే ముందు క్యాలెండర్ చూడండి. అదే నెలలో త్రైమాసిక ఫలితాలో, కోర్టు తీర్పో ఉండి ఉంటుంది. అదే షేరుకు మామూలు నెలలో 10 పలికే పుట్ ఒక నెలలో 22 పలికిందంటే, కొనేవాళ్లు పెద్ద కుదుపుకు సిద్ధపడుతున్నారని అర్థం. మార్కెట్‌లో ఎవరూ ఊరికే ఎక్కువివ్వరు.

అయితే నష్టపోయినవాళ్లలో చాలామందిని ముంచేది ఇదేమీ కాదు, మార్జిన్. మన దగ్గర పుట్ అమ్మడానికి పూర్తి సొమ్ము చూపించమని ఎక్స్ఛేంజీ అడగదు. షేరును బట్టి అందులో కొంత భాగమే మార్జిన్‌గా పట్టుకుంటుంది. ఐదో వంతు అనుకుంటే మన ఉదాహరణలో 96,000 సరిపోతుంది. ఖాతాలో 4,80,000 ఉన్నవాడికి స్క్రీన్ మీద ఐదు లాట్లు అమ్మే వీలు కనిపిస్తుంది. పదివేలకు బదులు యాభైవేలు! ఐదూ అమ్మాక షేరు 400కి పడితే నష్టం 3,50,000. షేర్లు తీసుకోవడానికి కట్టాల్సింది 24 లక్షలు. పైగా గడువు దగ్గరపడే కొద్దీ బ్రోకర్లు మార్జిన్ పెంచుతారు. కట్టలేకపోతే ఆ పుట్‌ను వాళ్లే ఎంత ధరకైనా తిరిగి కొని పొజిషన్ ముగించేస్తారు, అదీ ప్రీమియం మండిపోతున్న వేళ. పేరులో క్యాష్ ఉందా లేదా అన్నది ఎక్స్ఛేంజీ చూడదు. ఆ కట్టుబాటు మీరే పెట్టుకోవాలి. ఎన్ని లాట్లు అమ్మాలన్నది, స్ట్రైక్ ధరను లాట్ సైజుతో గుణించగా వచ్చిన మొత్తంతో మీ దగ్గరున్న నగదును భాగించి తేల్చుకోవాలి తప్ప, స్క్రీన్ చూపించే మార్జిన్‌తో కాదు.

ఇంకో చిన్న చిక్కుంది. కొన్ని షేర్ల పుట్లలో లావాదేవీలు పలచగా ఉంటాయి. కొనేవాడు 7 అంటే అమ్మేవాడు 11 అంటాడు. అక్కడ మార్కెట్ ఆర్డర్ కొడితే మీ ప్రీమియంలో పెద్ద ముక్క ఆ సందులోనే పోతుంది. లిమిట్ ధర పెట్టి వేచి ఉండాలి.

పుట్ అమ్మే ముందు లాట్ సైజు ఒక్కటి చూడండి. మీకు కావాల్సింది 200 షేర్లయి, లాట్ 1000 అయితే ఈ పద్ధతి మీది కాదు. 480 దగ్గర కొంటారు సరే, 800 షేర్లు అవసరం లేకుండా మోయాల్సి వస్తుంది. అలాంటప్పుడు 200 షేర్లకు లిమిట్ ఆర్డర్ పెట్టుకోవడమే మేలు.