వాటర్ బాటిల్ నిండుగా ఇంటికొస్తే

సాయంత్రం బ్యాగు విప్పి చూస్తే నీళ్ల బాటిల్ పొద్దున నేను నింపి పంపినట్టే ఉంది. ఆ వారంలో అది మూడోసారి. మా అమ్మాయికి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. ఎందుకు తాగలేదని గద్దిస్తే గొంతు తగ్గించి చెప్పింది: "తాగితే ఒంటికి వస్తుందమ్మా. మధ్యలో అడిగితే ఇంటర్వెల్ దాకా ఆగమంటారు. ఇంటర్వెల్‌లో లైన్ పెద్దగా ఉంటుంది, నా వంతు రాకముందే బెల్ కొట్టేస్తారు."

రెండు రోజులకు జ్వరం 102 దాటింది. జలుబు లేదు, దగ్గు లేదు. బాత్రూంలో బొట్లు బొట్లుగా పోస్తూ మంటతో ఏడ్చింది. నాలుగు నెలల్లో ఇది రెండో యూరిన్ ఇన్ఫెక్షన్.

పిల్లల డాక్టర్ గారు మందు మొదలుపెట్టకముందే మూత్రం పరీక్షకు పంపించారు. శుభ్రంగా కడిగి, మొదట కొంచెం వదిలేసి, మధ్యలో వచ్చేదాన్ని ల్యాబ్ వాళ్లిచ్చిన డబ్బాలో పట్టాలి. యాంటీబయాటిక్ ఒక్క డోసు పడ్డా కల్చర్‌లో క్రిమి పెరగకపోవచ్చు, అప్పుడు ఏ మందు పనిచేస్తుందో తెలుసుకునే దారి పోతుంది. రెండు రోజులకు రిపోర్టు వచ్చింది. ఈ.కోలి. మన పేగుల్లోనే ఉండే క్రిమి అది. ఆడపిల్లల్లో మూత్రనాళం చాలా పొట్టి, మలద్వారానికి దగ్గర. అందుకే క్రిమి పైకి ఎక్కడం తేలిక. ఎక్కిన క్రిమిని ఎప్పటికప్పుడు కడిగేసేది మూత్రమే. గంటల తరబడి ఆపుకుంటే ఆ కడగడం ఆగిపోతుంది, క్రిమి అక్కడే పెరుగుతుంది.

జ్వరంతో రెండోసారి వచ్చింది కాబట్టి స్కానింగ్ కూడా చేయించారు. కిడ్నీలు బాగానే ఉన్నాయి. కానీ ఒంటికి వెళ్లొచ్చాక తీసిన స్కాన్‌లో, మూత్రాశయంలో ఇంకా 50 మిల్లీలీటర్లు మిగిలే ఉంది. ఆ వయసు పిల్లకు మూత్రాశయం పట్టేది సుమారు 300 మిల్లీలీటర్లు. అందులో ఆరో వంతు ప్రతిసారీ లోపలే నిలవ ఉండిపోతోందన్నమాట. "పిల్లకు విరేచనం సాఫీగా అవుతోందా అమ్మా?" అని డాక్టర్ గారు అడిగారు. మూడు రోజులకోసారి, అదీ గట్టిగా. బడిలో దాన్నీ ఆపుకుంటోంది. నిండిన పేగు మూత్రాశయాన్ని నొక్కి పట్టి పూర్తిగా ఖాళీ కానివ్వదట. మలబద్ధకం తగ్గకపోతే ఎన్ని యాంటీబయాటిక్‌లు వాడినా ఇన్ఫెక్షన్ మళ్లీ రావచ్చన్నారు.

మందు 7 రోజులు. మూడో రోజుకే మంట పోయినా కోర్సు పూర్తిచేయాలి. అసలు చికిత్స మాత్రం ఆ తర్వాత మొదలైంది: మూత్రం వచ్చినా రాకపోయినా రెండు, రెండున్నర గంటలకోసారి వెళ్లడం. హడావుడి లేకుండా పూర్తిగా పోయడం, ఒక నిమిషం ఆగి మళ్లీ ప్రయత్నించడం. మిగిలిన ఆ 50 మిల్లీలీటర్లను బయటికి పంపేది ఆ రెండో ప్రయత్నమే. ఇంట్లో ఇదంతా నా చేతిలో పని. కానీ పిల్ల మెలకువగా ఉండే సమయంలో సగానికి పైగా బడిలోనే గడుస్తుంది.

మొదట డైరీలో ఒక్క వాక్యం రాశాను: "ఆరోగ్యం బాగాలేదు, బాత్రూంకి పంపగలరు." క్లాస్ టీచర్ సంతకం పెట్టారు. మర్నాడు లెక్కల సారుకి ఆ సంగతి తెలియదు, పిల్లకు చెప్పుకోవడానికి సిగ్గు. తప్పు నా రాతలో ఉందని నాకు అప్పుడర్థమైంది. నలభై మంది పిల్లల్ని చూసుకునే టీచర్‌కి ఎప్పుడు, ఎన్నిసార్లు, ఎన్నాళ్లు అన్నది నేను చెప్పలేదు. ఒక పిల్లను పంపితే పదిమంది లేస్తారన్నది ఆవిడ భయం, అది నిజమైన ఇబ్బందే. రెండోసారి కూర్చుని ఇలా రాశాను:

"క్లాస్ టీచర్ గారికి నమస్కారం. మా అమ్మాయికి నాలుగు నెలల్లో రెండుసార్లు జ్వరంతో యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చింది. డాక్టర్ గారి చీటీ జతచేశాను. ఇది ఇతర పిల్లలకు అంటుకునేది కాదు. మందు రెండు పూటలా ఇంట్లోనే వేస్తున్నాం, బడిలో వేయాల్సిన పని లేదు.

ఈ వారం రోజులు తను అరగంటకోసారి అడగవచ్చు. మూత్రాశయం లోపలి పొర వాచి ఉండటం వల్ల కొంచెం చేరినా ఆపుకోలేదు. అది సాకు కాదు. ఆ తర్వాత మూడు నెలలపాటు తను అడగకపోయినా 10:30కి, 12:45కి, 2:45కి పంపండి. ఇంటర్వెల్ బెల్‌కు ఐదు నిమిషాల ముందు పంపితే లైన్ ఉండదు, తొందరపడి సగంలో లేచి రాదు. తనకు ఐదు నిమిషాలు పడుతుంది.

నోరు తెరిచి అడగడానికి సిగ్గుపడుతోంది. పెన్సిల్ బాక్సులో పసుపు కార్డు పెట్టాను. అది బల్ల మీద పెట్టి వెళ్లేందుకు అనుమతివ్వండి. మిగతా టీచర్లకు, ఆటల సారుకు, ఆయమ్మకు ఈ సంగతి చెప్పండి. పిల్లల ముందు మాత్రం వద్దు. బ్యాగు ముందు జిప్పులో ఒక జత బట్టలు, కవరు ఉన్నాయి. తడిస్తే మార్చుకుంటుంది.

చలితో జ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతి, ఎర్రగా మూత్రం కనబడితే సాయంత్రం దాకా ఆగకుండా వెంటనే ఫోన్ చేయండి. మూడు నెలల తర్వాత డాక్టర్ గారు చూసి చెప్పింది మళ్లీ రాస్తాను."

ఎర్ర జెండా లాంటి ఆ నాలుగు లక్షణాలు రాయడానికి కారణం ఉంది. మంట ఒక్కటే ఉంటే ఇన్ఫెక్షన్ చాలావరకు మూత్రాశయం దగ్గరే ఉంటుంది. చలిజ్వరం, వాంతులు, నడుము నొప్పి వచ్చాయంటే కిడ్నీకి పాకి ఉండవచ్చు. అప్పుడు ఆలస్యమైతే కిడ్నీ మీద మచ్చ పడే ప్రమాదం ఉంటుంది. అది జీవితాంతం ఉండే మచ్చ.

ఉత్తరం చదివి టీచర్ గారు ఫోన్ చేశారు. "ఇలా టైములు రాసిస్తే మాకూ సులువండీ" అన్నారు. ఒక సంగతి ఆవిడే చెప్పారు: బాత్రూం తలుపుకి గడియ సరిగా పడదు, అందుకే ఆడపిల్లలు సగం లేచి, గాభరాగా పోసి వచ్చేస్తున్నారు. అలా కండరాలు బిగపట్టి నిలబడితే మూత్రాశయం ఖాళీ కాదు. గడియ వారంలో బాగుచేయించారు. నా ఉత్తరం వల్ల బడిలోని ఆడపిల్లలందరికీ జరిగిన మేలు ఆ గడియే.

2019లో కేరళ బడుల్లో మొదలైన వాటర్ బెల్ తర్వాత మన రెండు రాష్ట్రాలకూ వచ్చింది. మంచి పని. కానీ నీళ్లు తాగమని బెల్ కొట్టిన బడే బాత్రూంకి పంపకపోతే పిల్లలు ఆ నీళ్లు తాగరు, మా అమ్మాయి బాటిల్ లాగే నిండుగా ఇంటికి తెస్తారు. పొద్దున ఇంటి దగ్గర వెళ్లి సాయంత్రం ఇంటికొచ్చాకే వెళ్లే పిల్ల మీ ఇంట్లో ఉందేమో ఇవాళే అడగండి.

మూడు నెలలయ్యాక స్కాన్‌లో మిగిలింది 10 మిల్లీలీటర్లే. మళ్లీ ఇన్ఫెక్షన్ రాలేదు. జూన్‌లో క్లాసు మారింది, టీచర్ మారారు. అదే ఉత్తరాన్ని తేదీ మార్చి, టైములు సరిచేసి, కొత్త టీచర్ గారికి మొదటి రోజే ఇచ్చాను.