నలుగురికి యొనిన్, ఆరు పుల్లలకు రొప్పొన్

సముద్రంలో ఈదుతున్నంతసేపూ ట్యూనా చేప జపాన్ వాళ్లకు ‘ఇప్పికి’. టోక్యోలోని తొయొసు బజారులో వేలానికి వచ్చి నేల మీద పడుకున్నప్పుడు అదే చేప ‘ఇప్పొన్’. దాన్ని కోసి దిమ్మగా అమ్మితే ‘హితొసకు’, ఆ దిమ్మలోంచి తీసిన పలచటి ముక్క ‘హితొకిరె’. ఈ నాలుగు మాటలూ చెప్పే లెక్క ఒకటే: ఒకటి. లెక్కపెట్టే మనిషి దాన్ని జంతువుగా చూస్తున్నాడా, పొడవాటి సరుకుగా చూస్తున్నాడా, దిమ్మగానా, ముక్కగానా అన్నదే తేడా. జపనీస్‌లో అంకె ఒంటరిగా నిలబడదు. లెక్కించే వస్తువును బట్టి దాని వెనక ఒక తోక చేరాలి. పొడవైనవాటికి హొన్, పలచటివాటికి మాయ్, యంత్రాలకు దాయ్, చిన్న జంతువులకు హికి, మనుషులకు నిన్.

ఇలాంటి తోకలు ఎన్ని ఉన్నాయంటే, వాటి కోసమే ఇయిదా అసకొ అనే భాషావేత్త 2004లో పెద్ద నిఘంటువు ఒకటి తెచ్చారు. జపాన్ వాళ్లకు కూడా అవసరపడే పుస్తకమది. కాబట్టి కొత్తగా నేర్చుకునేవాళ్లు ఆ జాబితా జోలికి పోనక్కర్లేదు. రోజు గడవడానికి కావలసినవి నాలుగైదే. అయితే వాటిని ఏ వరసలో నేర్చుకుంటున్నామన్నది ముఖ్యం.

మొదట నేర్చుకోవలసింది చైనా నుంచి వచ్చిన ఇచి, ని, సన్ కాదు. దేశీయమైన పాత లెక్క. హితొత్సు, ఫుతత్సు, మిత్‌త్సు, యొత్‌త్సు, ఇత్సుత్సు, ముత్‌త్సు, ననత్సు, యత్‌త్సు, కొకొనొత్సు, తో. ఒకటి నుంచి పది దాకా అంతే. ఆపిల్ పళ్లు, కుర్చీలు, కాఫీలు, సంచులు, చివరికి ఆలోచనలు కూడా దీంతో లెక్కపెట్టొచ్చు. అసలు తోక గుర్తు రాకపోతే ఇది వాడండి; దుకాణంలో ఎవరూ తప్పు పట్టరు. హద్దులు రెండే. పది దాటితే ఈ లెక్క పనికిరాదు. మనుషులకూ జంతువులకూ వాడకూడదు.

మనుషుల లెక్క వేరుగా ఉండటం మనకు వింత కాదు. నాలుగు పుస్తకాలు అంటాం గానీ నాలుగు మనుషులు అనం, నలుగురు అంటాం. ఒకరు, ఇద్దరు అన్నట్టే అక్కడ హితొరి, ఫుతరి. ఆ తర్వాత సన్నిన్, యొనిన్, గొనిన్ అంటూ అంకెకు నిన్ తగిలిస్తే సరిపోతుంది. జాగ్రత్త పడాల్సింది నాలుగు దగ్గరే. ‘షి’ అన్నా నాలుగే, కానీ షినిన్ అంటే చచ్చిన మనిషి. అందుకే యొనిన్. పదకొండు నుంచి హితొరి, ఫుతరి మళ్లీ రావు. జూఇచినిన్, జూనినిన్ అనాలి.

ఆ తర్వాత మాయ్, దాయ్. ఈ రెండూ సాధువులు: అంకె ఏదైనా మాట మారదు. ఇచిమాయ్, నిమాయ్, సన్‌మాయ్, యొన్‌మాయ్. టికెట్లు, కాగితాలు, చొక్కాలు, పళ్లేలు మాయ్‌లోకి వస్తాయి. కార్లు, సైకిళ్లు, కంప్యూటర్లు దాయ్‌లోకి వస్తాయి.

చాలామంది బెంబేలెత్తేది హొన్ దగ్గర. సీసా, గొడుగు, పెన్సిలు, అరటిపండు, పుల్లకు గుచ్చినవి అన్నీ హొన్‌లే. వరస ఇలా సాగుతుంది: ఇప్పొన్, నిహొన్, సంబొన్, యొన్‌హొన్, గొహొన్, రొప్పొన్, ననహొన్, హప్పొన్, క్యూహొన్, జుప్పొన్. చూడగానే ఇష్టం వచ్చినట్టు మారిందనిపిస్తుంది. నిజానికి మారింది ఐదు చోట్లే. ఒకటి, ఆరు, ఎనిమిది, పది దగ్గర ‘ప్ప’ వచ్చింది, మూడు దగ్గర ‘బ’ వచ్చింది.

ఆ నాలుగు అంకెలకే ఆ ఒత్తు ఎందుకు? అవి చైనా నుంచి వచ్చిన రోజుల్లో వాటి చివర త్, క్, ప్ లాంటి హల్లులు ఉండేవి. హాంకాంగ్‌లో మాట్లాడే కాంటనీస్‌లో ఇప్పటికీ ఉన్నాయి: ఒకటి యత్, ఆరు లుక్, ఎనిమిది బాత్, పది సప్. ఇప్పటి జపనీస్ ‘హ’ కూడా ఒకప్పుడు ‘ప’యే. చివర హల్లు, దాని పక్కనే ‘ప’. రెండూ కలిసి ఒత్తుగా మారి, ఆ ఒత్తులో పాత ‘ప’ అలాగే నిలిచిపోయింది. మూడు చివర అనునాసికం ఉంది కాబట్టి దాని పక్కన ‘బ’ అయింది. మరి నాలుగు చివర కూడా ‘న్’ ఉంది కదా, యొన్‌బొన్ ఎందుకు కాలేదు? యొన్, నన దేశీయ మాటలు. చైనా అంకెల సంధి వాటికి పట్టలేదు.

ఈ ఒక్క వరస నోటికి వస్తే హికి విడిగా నేర్చుకునే పని లేదు. ఇప్పికి, నిహికి, సంబికి, రొప్పికి, హప్పికి, జుప్పికి: అవే ఐదు చోట్లు, అవే మార్పులు. గ్లాసుల్లో కప్పుల్లో పోసేవాటి తోక హాయ్ కూడా అంతే: ఇప్పాయ్, నిహాయ్, సంబాయ్. గడికీ గడ్డికీ తేడా చిన్నప్పటి నుంచీ వింటున్న తెలుగు చెవికి ఈ ఒత్తు పలకడం కష్టమేమీ కాదు. ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు ఇక్కడే తంటాలు పడుతుంటారు.

హికి అన్నానని గుర్తొచ్చింది. కురొసవా 1954లో తీసిన ‘సెవెన్ సమురాయ్’ అసలు పేరు ‘షిచినిన్ నొ సమురాయ్’, మనుషుల లెక్క. పదేళ్ల తర్వాత గొషా హిదెయొ తీసిన సినిమా పేరు ‘సంబికి నొ సమురాయ్’. ఆ ముగ్గురు యోధులనూ జంతువుల తోకతో లెక్కపెట్టారు. ఏ ప్రభువుకూ చెందకుండా తిరిగే మొరటు వీరులన్న ధ్వని ఆ ఒక్క తోకలోనే వచ్చేసింది. సినిమావాళ్లకది చెల్లింది గానీ, మీ పక్కింటి వాళ్లను మాత్రం అలా లెక్కపెట్టకండి.

ఇప్పుడు ఇదంతా ఒక పూటలో వాడి చూద్దాం. నలుగురు స్నేహితులు ఇజకాయ అనే చిన్న తిండి దుకాణంలో అడుగుపెట్టారు. ‘నన్‌మెయ్ సమ దెస్ క?’ అని అడుగుతారు. మెయ్ కూడా మనుషుల తోకే, కాకపోతే దుకాణం వాళ్లు చూపే మర్యాద. మీరు అదే తిరిగి చెప్పనక్కర్లేదు, ‘యొనిన్ దెస్’ చాలు. ఇక్కడ ‘యొత్‌త్సు’ అంటే మాత్రం నలుగురూ నాలుగు సామాన్లయిపోతారు. కూర్చున్నాక నాలుగు బీర్లు: ‘బీరు ఒ యొత్‌త్సు కుదసాయ్.’ గ్లాసుల లెక్కన యొన్‌హాయ్ అనొచ్చు గానీ, యొత్‌త్సు అంటే ఎవరూ వింతగా చూడరు. పుల్లలకు గుచ్చి కాల్చిన కోడిమాంసం ఆరు: ‘యకితొరి ఒ రొప్పొన్ కుదసాయ్.’ పంచుకు తినడానికి చిన్న పళ్లేలు నాలుగు: ‘తొరిజర ఒ యొన్‌మాయ్ కుదసాయ్.’

అంకె ఎక్కడ కూర్చుందో చూశారా? వస్తువు ముందు, అంకె తర్వాత, ‘ఇవ్వండి’ చివర. మనం ‘చపాతీలు ఆరు ఇవ్వండి’ అనే వరసే. ఇంగ్లిష్ పద్ధతిలో అంకెను ముందుకు లాగి ‘రొప్పొన్ యకితొరి’ అంటే వాక్యం కుంటుతుంది.

తప్పు పలికినా అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఇలాంటి చోట్ల ఆర్డరు తీసుకున్నాక చాలామంది దాన్ని మళ్లీ పైకి చదివి వినిపిస్తారు. మీరు రొకుహొన్ అని ఉంటే, ‘రొప్పొన్ దెస్ నె’ అని సరైన రూపం వాళ్ల నోట వినిపిస్తుంది. అప్పుడు ‘హాయ్’ అని ఊరుకోకుండా, రొప్పొన్ అని మీరూ ఒకసారి అనండి.

పది పైన కొత్తగా కంఠస్థం చేసేదేమీ లేదు. చివరి అంకెదే పెత్తనం. పదకొండు పుల్లలు జూఇప్పొన్, పదమూడు జూసంబొన్, పద్నాలుగు జూయొన్‌హొన్, ఇరవై నిజుప్పొన్. ఎన్ని అని అడగాలంటే నంబొన్, నంబికి: మూడు దగ్గర వచ్చిన ‘బ’యే. పక్షులనూ కుందేళ్లనూ కలిపి లెక్కించే వ, ఏనుగుల్లాంటి పెద్ద జంతువుల తో, పుస్తకాల సత్సు, అంతస్తుల కాయ్ ఇంకా మిగిలే ఉన్నాయి. హొన్ వరస తడుముకోకుండా వచ్చాక వాటి సంగతి చూసుకోవచ్చు.